మోకాళ్ళ మీద సర్జ్

క్యాబ్ కంపెనీలో, ఫిర్యాదుల కౌంటర్ దగ్గర నాది టెంపరరీ ఉద్యోగం. ఆ సాయంత్రం నా పర్మనెంటు కాగితం మీద మేనేజరు సంతకం పడాలి. నోరు అదుపులో పెట్టుకోమని అమ్మ పొద్దున్నే చెప్పి పంపింది. మధ్యాహ్నం దాకా పెట్టుకున్నాను కూడా.

అప్పుడొచ్చింది, చేతికర్రతో ఒక పెద్దావిడ. నిన్న మూడో అంతస్తు మెట్లు దిగి క్యాబ్ ఎక్కేసరికి, ఉచిత సమయం పోగా ఇరవై నిమిషాల వెయిటింగ్ పడిందట.

"వెయిటింగ్ కడతానమ్మా. నా కాళ్ళు, నా ఖర్చు. వాన పడుతోంది, బళ్ళు తక్కువ, ఒకటిన్నర రెట్లన్నారు, అదీ సరే. కానీ వానకీ నా మోకాళ్ళకీ ముడిపెట్టారు చూడు. బోడిగుండు ఒక్కటే తక్కువ."

వెనక నిలబడ్డ మా మేనేజరు చెయ్యి నెత్తి మీదికి పోయింది. నిమురుకోడానికి అక్కడేమీ లేదు.

లెక్క తీశాను. బేస్ ఫేర్ అరవై. పది కిలోమీటర్లకి, కిలోమీటరుకి ఇరవై చొప్పున రెండు వందలు. గిరాకీ పెరిగినప్పుడు వేసే ఈ ఒకటిన్నర రెట్లు, అంటే సర్జ్, ఈ రెండిటికేనని మా రేటు పట్టికలో మేమే రాసుకున్నాం. రెండు వందల అరవైకి ఒకటిన్నర రెట్లంటే మూడు వందల తొంభై. వెయిటింగ్ నిమిషానికి రెండు చొప్పున నలభై, విడిగా కలిపితే నాలుగు వందల ముప్పై. ఆవిడ దగ్గర తీసుకున్నది నాలుగు వందల యాభై. వెయిటింగ్‌ని ముందే కలిపేసి మొత్తాన్నీ హెచ్చించారు.

మేనేజరు నన్ను పక్కకి పిలిచాడు. "పోయిన నెల యాప్ మార్చినప్పట్నుంచీ అందరికీ ఇలాగే పడుతోంది. ఒక్కరికి తప్పని రాసిచ్చామా, అందరికీ తిరిగివ్వాలి. 'ఛార్జీ సరిగ్గానే ఉంది' అని కొట్టి, ఓ కూపన్ ఇచ్చి పంపెయ్. సాయంత్రం నీ కాగితం సంగతి చూద్దాం."

ఒళ్ళు మండింది. మెట్లు దిగలేని వాళ్ళ దగ్గర లాగిందంతా నా ఉద్యోగం కింద కప్పెట్టాలట. భయం కూడా వేసింది, అబద్ధమెందుకు. ఇంటద్దె గుర్తొచ్చింది.

కౌంటర్ దగ్గరికొచ్చి కూపన్ మాట చెప్పాను.

"నేను అడుక్కోడానికి రాలేదమ్మా. మీ లెక్క తప్పా, ఒప్పా?"

"తప్పేనండి."

అదే కొట్టాను. ఛార్జీ తప్పు, ఇరవై వాపసు. లెక్కంతా కింద రాసి పంపేశాను. ఆవిడ ఫోను అక్కడే టింగుమంది.

"ఏం చేశావో తెలుస్తోందా నీకు?" అన్నాడు మేనేజరు.

"కూడిక చేశాను సార్."

నా కాగితం సంతకం లేకుండానే సొరుగులోకి పోయింది. ఇప్పుడే వెళ్ళిపొమ్మన్నాడు, ఇక రావద్దన్నాడు. సంచి భుజానికి తగిలించుకున్నాను.

బయట ఇవాళా వానే. ఆవిడ ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది. ఇద్దరం ఒకే దారని తెలిసి క్యాబ్ నేనే బుక్ చేశాను. సర్జ్ మళ్ళీ ఒకటిన్నర. బండి వచ్చి గుమ్మం ముందు ఆగింది. ఆవిడ కంగారుగా మెట్టు మీద కాలు వెయ్యబోయింది. గబుక్కున చెయ్యి పట్టుకున్నాను.

"నెమ్మదిగా దిగండి పిన్నిగారూ. వెయిటింగ్ పడనివ్వండి. దాన్ని మళ్ళీ హెచ్చించారా, రేపు ఆ కౌంటర్ ముందు ఇద్దరం నిలబడదాం."