కరస్పాండెంటు గారి ఐదు గ్యాపులు

గోదావరిఖనిలో బొగ్గు భూమి లోపలి నుంచి వస్తుంది, ఎంబీఏలు మేడ మీది నుంచి వస్తారు. వేణుమాధవ్ పాఠాలు చెప్పే మేనేజ్‌మెంట్ కాలేజీ ఒక టైర్ల దుకాణం మీద ఉంది. కింద పంక్చర్లు, పైన లెక్చర్లు. కింద పని అయ్యాక బండి కదులుతుంది. పైన పని అయ్యాక ఏది కదులుతుందో ఇంతవరకూ ఎవరూ తేల్చి చెప్పలేదు.

వేణుమాధవ్ మాత్రం కదల్లేడు. ఉద్యోగంలో చేరిన రోజున కరస్పాండెంటు ఆగయ్య అతని పదో తరగతి మెమో మొదలుకొని ఎంబీఏ పట్టా వరకు ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ తీసుకుని, "యూనివర్సిటోళ్ళకు చూపెట్టి రెండు రోజులల్ల ఇస్త సారూ" అని బీరువాలో పెట్టాడు. నాలుగేళ్ళయింది. లెక్చరర్లు మధ్యలో పారిపోకుండా ప్రైవేటు కాలేజీల వాళ్ళు పాటించే ఆచారం ఇది. పశువుకు పలుపుతాడు, పంతులుకు పట్టా. ఒరిజినల్ వేణుమాధవ్ బీరువాలో ఉంటే, జిరాక్సు వేణుమాధవ్ రోజూ క్లాసుకు వచ్చి వెళుతున్నాడు.

ఇప్పుడు కరీంనగర్‌లో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరరుగా అతని పేరు వచ్చింది. సోమవారం ఒరిజినల్స్ చూపించాలి. చూపించకపోతే తర్వాతి పేరును పిలుస్తారు. వారం నుంచి అడుగుతుంటే ఆగయ్య ప్రతిసారీ "ఇస్త, ఎటు పోతయి?" అంటున్నాడు. ఎటూ పోవనేదే కదా బాధ! పేరుకు కరస్పాండెంటే గాని, ఆగయ్య దేనికీ రెస్పాండ్ కాడు.

అలాంటి వారంలోనే సర్వీసెస్ మార్కెటింగ్ ఇంటర్నల్ పరీక్ష వచ్చింది. వేణుమాధవ్ ఇరవై మార్కులకు ఒకటే ప్రశ్న ఇచ్చాడు: సేవా నాణ్యతలోని ఐదు గ్యాపులను మీరు దగ్గరగా ఎరిగిన ఒక సేవా సంస్థకు అన్వయించి, అక్కడ ఏయే గుణాలు లోపించాయో రాయండి.

క్లాసులో అతను ఈ పాఠం బాగానే చెప్పాడు. పిల్లలు ఎప్పుడూ తడబడేది రిలయబిలిటీ, రెస్పాన్సివ్‌నెస్, ఎంపతీ దగ్గరే కాబట్టి ఒకే బస్సులో మూడింటినీ ఎక్కించాడు. "చెప్పిన టైముకు బస్సు వచ్చుడు రిలయబిలిటీ. నడుమ చెడిపోతే కండక్టరు జల్ది ఇంకో బస్సెక్కిచ్చుడు రెస్పాన్సివ్‌నెస్. మూటతోని ఉన్న ముసలవ్వను చూసి, ఆమె దిగేకాడ్నే ఆపుడు ఎంపతీ. గల్లంతు చెయ్యకుండ్రి." డ్రైవరు మీద నమ్మకం కలగడం అష్యూరెన్స్ అనీ, సీట్లు, అద్దాలు టాంజిబుల్స్ అనీ కూడా చెప్పాడు. పరీక్షలో అందరూ బస్సు గురించో, బ్యాంకు గురించో, కంపెనీ దవాఖాన గురించో రాస్తారనుకున్నాడు.

అక్కడే పప్పులో కాలేశాడు. క్లాసులో సగం మంది నాయనలు బొగ్గు కంపెనీలోనే పని చేస్తారు. కంపెనీ దవాఖానను తిడుతూ రాయడానికి వాళ్ళకు చెయ్యి రాదు. పేపరు ఎవరి చేతిలో పడుతుందో, నాయన డ్యూటీ ఎటు మారుతుందో! బస్సు మీద రాద్దామంటే ముందు బెంచీ తాబిష్ వాళ్ళ అబ్బా డిపోలో డ్రైవరు. బ్యాంకు మీద రాద్దామంటే సుమయ్యా వాళ్ళ మామూ అక్కడ క్యాషియరు. ఎవరి నాయనా, ఎవరి మామూ పని చెయ్యని సేవా సంస్థ ఊళ్ళో ఒక్కటే మిగిలింది. అందరూ కలిసి కాలేజీ మీద రాసేశారు.

అదైనా వేణుమాధవ్ ముందు చూస్తే బాగుండేది. వచ్చే వారం యూనివర్సిటీ తనిఖీ బృందం వస్తుందని, ఇంటర్నల్ పేపర్లు బల్ల మీద పెట్టి చూపించాలని, ఆగయ్య ఆ పేపర్ల కట్టను నేరుగా తన గదికి తెప్పించుకున్నాడు. ఇంగ్లీషు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివే మనిషికైనా తన కాలేజీ పేరు ప్రతి పేపరు మీదా కనిపిస్తే తెలియకుండా ఉంటుందా?

"ఏం సారూ, గిదేంది?" అన్నాడు ఆగయ్య, వేణుమాధవ్ లోపలికి రాగానే. "నా పైసలతోని పరీక్ష పెట్టి నాకే ఫేలు మార్కులేస్తరా? కూసో. గీ గ్యాపులేందో చెప్పు. సిమెంటు పెట్టి పూడుద్దాం."

"సిమెంటుకు పూడయి సార్."

"మరి దేనికి పూడుతయి? చదువు. గీ పిల్లది మంచిగ పొడుగు రాసింది."

మమత పేపరు అది. పోశం కూతురు. పోశం అండర్‌గ్రౌండ్ బొగ్గు బాయిలో పని చేస్తాడు, వచ్చే ఏడు రిటైరవుతాడు. వేణుమాధవ్ పేపరు చూస్తూ తెలుగులో చెప్పసాగాడు.

మమత కాలేజీ మొత్తాన్ని వదిలేసి లైబ్రరీ ఒక్కదాన్నే పట్టుకుంది. నైట్ షిఫ్టు చేసి వచ్చిన నాయన పగలంతా రెండు గదుల క్వార్టర్‌లో పడుకుంటాడు. పేజీ తిప్పిన చప్పుడైనా లేస్తాడు. పిల్లలకు పగలు కూర్చుని చదువుకునే చోటు కావాలి. కానీ కాలేజీ పెద్దలు పిల్లలకు కావలసింది కోటూ టై అనుకుని అవి కుట్టించారు. పిల్లలు కోరేదేమిటో పెద్దలకు తెలియకపోవడం మొదటి గ్యాపు.

"నన్నెవడన్న అడిగిండా?" అన్నాడు ఆగయ్య.

"అడగాల్సింది మనం సార్. గదే గ్యాపు."

తర్వాత ఒకసారి పిల్లలంతా వచ్చి అడిగితే, "సరే, లైబ్రరీ తెరుస్తం" అన్నారు గాని ఎప్పుడు తెరవాలి, ఎవరు తెరవాలి అని ఒక పద్ధతి పెట్టలేదు. తెలిసింది పద్ధతిగా మారకపోవడం రెండోది. చివరికి పొద్దున్నించి సాయంత్రం దాకా అని టైము రాసి తలుపుకు అంటించారు, తాళంచెవి మాత్రం ఆగయ్య గారి జేబులోనే ఉంది. రాసిన పద్ధతి ఒకటి, జరిగే పని ఒకటి కావడం మూడోది. ఇంతలో పాంప్లెట్‌లో "రోజంతా తెరిచి ఉండే లైబ్రరీ" అని అచ్చేశారు. చేసేదానికీ చాటేదానికీ మధ్యది నాలుగోది. ఈ నాలుగూ కలిసి పిల్లవాడు అనుకున్నదానికీ, వాడికి దక్కినదానికీ మధ్య తవ్వే గుంట ఐదోది.

"ఓపెన్‌కాస్టు గని తవ్వింది గదయ్యా" అన్నాడు ఆగయ్య.

మూడో గ్యాపు దగ్గర ఇంకో పేరా ఉంది. దాన్ని వేణుమాధవ్ పైకి చదవలేదు. పని చేసే మనిషికి తన పని మీద అధికారం లేకపోతే ఎంత మంచివాడైనా మంచి సేవ ఇవ్వలేడని పుస్తకంలో ఉంది. దాన్నే మమత తన మాటల్లో రాసింది: "మా సార్‌కు పాఠం వచ్చు, మమ్మల్ని పేరు పెట్టి పిలుస్తారు. కాని చాక్‌పీసుకు కూడా అడుక్కోవాలి. చెబుతూ చెబుతూ తలుపు వైపు చూస్తారు. లోపం సార్‌ది కాదు, ఆయన్ను కట్టేసినదేదో ఉంది. అదేమిటో నాకు తెలియదు."

వేణుమాధవ్ ఆ పేజీ తిప్పేశాడు. ఇన్నాళ్ళూ తాను బోర్డు వైపే చూస్తున్నాననుకున్నాడు.

ఆగయ్య కాసేపు పెదవి కొరుక్కున్నాడు. కొడతాడా తిడతాడా అని వేణుమాధవ్ చూస్తుంటే, కుర్చీ ముందుకు జరిపాడు.

"సారూ, గీ పిల్ల నా కాలేజ్ను నాకంటె మంచిగ చదివింది. చదువైపోవుడే ఆలస్యం, మన కాడ లెక్చరర్‌గ పెట్టుకుందాం. నీకు కరీంనగర్ల నౌకరొచ్చిందట గద?"

"మీకెట్ల తెల్సు సార్?"

"ఖనిల ఎవడు దగ్గినా నాకు తెలుస్తది. ఇగో చూడు. ఆ పిల్లను ఒప్పియ్యి. రిజల్టు రాకముందే ఆమె డిగ్రీ సర్టిఫికెట్లు, మెమోలు తెచ్చి బీరువల పెట్టు. నీవి తీస్కపో. శనివారం లోపల జెయ్యి. నీ జాగల మనిషి ఉంటె నాకేం ఫికర్?"

"మరి ఆమెకేం చెప్పాలె?"

"నీకేం చెప్పిన? రెండు రోజులల్ల ఇస్తమని."

తనకు చెప్పిన మాటే. అక్షరం పొల్లు పోలేదు. ఆగయ్యలో ఈ ఒక్క విషయంలోనే రిలయబిలిటీ ఉంది.

శనివారం పొద్దున క్లాసు అయ్యాక వేణుమాధవ్ మమతను ఆపాడు. ఖాళీ గదిలో కంప్యూటర్లు బొగ్గు దుమ్ము పడకుండా గలీబుల కింద నిద్రపోతున్నాయి. ఆగయ్య ఇస్తానన్న ఉద్యోగం సంగతి చెప్పాడు. మమత మొహం వెలిగిపోయింది.

"నిజంగనా సార్? మా నాయిన రిటైరైతె క్వార్టర్ ఖాళీ చెయ్యాలె. కిరాయికి ఏడ పోవాల్నో అని మా అవ్వకు రంధి పట్టుకున్నది."

"సర్టిఫికెట్లు ఇయ్యాలె. ఒరిజినల్స్."

"మళ్ళ ఎప్పుడిస్తరు సార్?"

ఇదే చోటు. రెండు రోజులు అంటే చాలు, సోమవారం కరీంనగర్ బస్సు ఎక్కొచ్చు. నాలుక చివరి దాకా వచ్చిన మాట అక్కడే కూలబడింది. చేసేదొకటి, చాటేదొకటి. నాలుగో గ్యాపును బోర్డు మీద బాణాలు గీసి చెప్పినవాడు ఇప్పుడు దాన్ని తన నోటితోనే తవ్వాలి.

"ఇయ్యరు" అన్నాడు. "నాకు గూడ రెండు రోజులన్నరు. నాలుగేండ్లాయె. నీవి లోపలికి పోతెనే నావి బయటికొస్తయట."

మమత బెంచీ అంచును గట్టిగా పట్టుకుంది. కింద టైరులోకి గాలి కొట్టే యంత్రం కాసేపు మోగి ఆగింది.

"అంటే... మీరు తలుపు దిక్కు చూసేది గిందుకా సార్?"

"గిందుకే."

"నాకు నౌకరి కావాలె సార్" అంది చివరికి, గొంతు తగ్గించి. "మీరు గూడ పోవాలె. ఇయ్యాల్నా వద్దా? మీరే చెప్పుండ్రి. మీరెట్లంటె గట్ల."

అరిచి కాదన్నా బాగుండేది. నమ్మకం అన్నిటికంటే బరువు. పుస్తకంలో అష్యూరెన్స్ అని ఒక్క మాటలో తేల్చేస్తారు, మోసే వాడి మెడ గురించి రాయరు.

"ఇయ్యకు" అన్నాడు. "జిరాక్సులు పట్టుకొని పెద్దపల్లిల, కరీంనగర్ల తిరుగు. ఒరిజినల్స్ మాత్రం చూపెట్టి, నీ చేతుల్నే పెట్టుకో. ఎవడు అడిగినా ఇయ్యకు."

ఆమె వెళ్ళిపోయాక పేపరు తీసి పంతొమ్మిది మార్కులు వేశాడు. ఒక మార్కు ఎందుకు తగ్గించాడంటే, ఇంటర్నల్‌లో ఇరవైకి ఇరవై వేస్తే ఆగయ్య సంతకం పెట్టడు. అధికారం అంతవరకే ఉంది.

ఆగయ్య గదిలో బీరువా ముందే తెరిచి ఉంది. లోపల రంగు రంగుల ఫైళ్ళు, నడుమ అతని ఫైలు అంచు కనిపిస్తోంది.

"ఏమన్నది?"

"రానన్నది సార్."

"నువ్వు సక్కగ చెప్పలేదు."

"సక్కగనే చెప్పిన సార్. అందుకే రానన్నది."

ఆగయ్యకు కోపం రాలేదు. కోపం వచ్చినా కొంత నయంగా ఉండేది. లేచి బీరువా తలుపు మూసి, తాళం వేసి, చెవి చొక్కా జేబులో వేసుకుని, గుమ్మం బయట ఉన్న అటెండరు లింగవ్వను పిలిచాడు.

"లింగవ్వా, రెండు చాయ్‌లు చెప్పు. సారు ఎటు పోడు, ఈడ్నే ఉంటడు."