వేలు మరిచిపోని చోటు

బాబాయ్ తన ఫోన్‌ని సర్వీస్ సెంటర్ కౌంటర్ మీద పెట్టగానే అక్క అతన్ని గుర్తుపట్టింది.

అంతకు ముందు చూసింది లేదు. కానీ వీధిలోంచి ఎవరో హారన్ కొట్టి, వ్యాన్ కాస్త ముందుకు తియ్ బాబాయ్ అని కేకేశారు. అతను వెనక్కి తిరగకుండానే చెయ్యి ఊపాడు. ఒంటి మీద పార్సిల్ కంపెనీ వాళ్ళ బూడిదరంగు కోటు. అలాంటి కోటే తమ్ముడి గదిలో మేకుకు వేలాడుతోంది. తీసి లోపల పెట్టమంటే తమ్ముడు ఒప్పుకోడు. వేసుకునే పనీ లేదు.

తమ్ముడు ఆ కంపెనీలో వ్యాన్ నడిపేవాడు. బాబాయ్ అక్కడ అందరికంటే సీనియర్. మేనేజర్ దగ్గర్నుంచి లోడింగ్ వాళ్ళ దాకా అందరికీ అతను బాబాయే. ఒకరోజు దారిలో తమ్ముడికి ఫోన్ చేసి, నీ పెట్టెలు కొన్ని నా రూట్లోనే ఉన్నాయి, గోడౌన్ సందులోకి రా, మార్చుకుందాం అన్నాడు. డ్రైవర్లు అలా మాట మీద పెట్టెలు మార్చుకోవడం మామూలే. తమ్ముడు వెళ్ళాడు, పెట్టెలు ఇచ్చాడు, సాయం చేశానన్న సంతోషంతో తిరిగొచ్చాడు. ఆ పెట్టెలు ఎవరికీ చేరలేదు. అడిగితే బాబాయ్ ఆ సందు మొహమే చూడలేదన్నాడు.

ఆఫీసులో గోడకున్న తెర మీద ఏ వ్యాన్ ఎక్కడుందో చుక్కలుగా కనిపిస్తుంది. డ్రైవర్ ఫోన్‌లోని కంపెనీ యాప్ పంపే లొకేషన్ అది. జాబితాలో లేని చోట వ్యాన్ ఎక్కువసేపు ఆగితే చుక్క ఎర్రబడుతుంది. ఆ రోజు సందులో ఎర్రబడింది తమ్ముడి చుక్క ఒక్కటే. బాబాయ్ చుక్క మెయిన్ రోడ్డు మీద సిగ్నల్ పోయి ఆగిపోయి ఉంది. మ్యాప్ అబద్ధం చెప్పదు కదా అన్నాడు మేనేజర్. ఆ మాటతో తమ్ముడి ఉద్యోగం పోయింది. ఊళ్ళో మిగిలిన ట్రాన్స్‌పోర్టు వాళ్ళందరికీ కబురు ముందే పాకింది. దొంగ అన్న ముద్రతో తమ్ముడు ఇంట్లో గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు.

పడుకునే ముందు అక్కకు ఒక్క సంగతి చెప్పాడు. సందులోకి తిరిగేటప్పుడు బాబాయ్ వ్యాన్ పక్కనే వచ్చింది. అద్దంలోంచి కనిపించింది. అతని వేలు ఫోన్ మీద ఒకసారి కిందికి లాగింది, ఒకసారి నొక్కింది. కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. అప్పుడు తమ్ముడికి అర్థం కాలేదు. అర్థమయ్యాక చెబితే ఎవరూ నమ్మలేదు. అక్క నమ్మింది. మొబైల్ సర్వీస్ సెంటర్‌లో కౌంటర్ పని ఆమెది, ఆ లాగడం, ఆ నొక్కడం ఏమిటో చెప్పకుండానే తెలుసు.

ఇప్పుడు ఆ వేలు ఆమె ముందు, గాజు మీద టకటకలాడుతోంది.

"చిన్న పనేనమ్మాయ్," అన్నాడు బాబాయ్. "ఇది చూడు."

ఫోన్ తెరిచి పైనుంచి కిందికి లాగి చూపించాడు. నోటిఫికేషన్ల పైన ఒక వరుసలో ఆరు గుండ్రటి బొమ్మలు వచ్చాయి. ఆ మోడల్లో మొదటిసారి లాగితే బొమ్మలే, పేర్లుండవు. మూడోది లొకేషన్. దాని పక్కనే ఫ్లైట్ మోడ్. తన గోడు చెప్పుకున్నాడు. బండి నడుపుతూ లొకేషన్ నొక్కబోతే వేలు జారి అప్పుడప్పుడు విమానం మీద పడుతోంది. కాల్స్ ఆగిపోతున్నాయి. ఫోన్ ఎత్తవేం బాబాయ్ అని మేనేజర్ సణుగుతున్నాడు. అందుకని లొకేషన్‌ని తీసుకెళ్ళి అందరికంటే ముందు పెట్టాలి. విమానం ఆ వరుసలోనే కనిపించకూడదు.

లొకేషన్‌తో అంత పనేముంటుంది సార్ అని అక్క మామూలుగా అడిగింది. బ్యాటరీ తినేస్తుందమ్మా అన్నాడు అతను, కన్ను కూడా ఆర్పకుండా.

 అక్క ఫోన్ అందుకుంది. ఆ ఒక్క నిమిషంలో చేయగలిగినవి ఎన్నో మెదిలాయి. అతనికి తెలియకుండా ఏదో ఒకటి ఎక్కించొచ్చు. సందులు సందులుగా తిరిగిన చరిత్రంతా లాగి పంపొచ్చు. కానీ అవన్నీ బయటపడితే దొంగ ఆమె అవుతుంది. ఇంట్లో ఒక దొంగ పేరు చాలు. ఇతను పట్టుబడాలి. తన వేలితో తనే పట్టుబడాలి.

మరోసారి కిందికి లాగింది. మొత్తం పలక తెరుచుకుంది. మూలనున్న పెన్సిల్ గుర్తు నొక్కింది. లొకేషన్ బొమ్మను వేలితో అదిమిపట్టి, జరిపి, మొదటి స్థానంలో వదిలింది. విమానాన్ని రెండో పేజీలోకి తోసింది. దాంతో వరుసలో ఒక చోటు ఖాళీ అయింది.

"మిగతావి ఎలా పెట్టమంటారు?"

"నీ ఇష్టం. నాకు కావాల్సింది ఆ ఒక్కటే."

నీ ఇష్టం. అక్క ఆ మాటను నోట్లో చక్కెర పలుకులా చప్పరించింది. లొకేషన్ వదిలిన మూడో చోట ఏది పెట్టాలి? టార్చ్ పెడితే వెలుగొస్తుంది, తెలిసిపోతుంది. డేటా పెడితే పాటలు ఆగుతాయి. బ్లూటూత్ పెడితే స్పీకర్ మూగబోతుంది. తెరను అడ్డంగా తిప్పే ఆటో రొటేట్‌ను పట్టుకుని మూడో చోటికి తెచ్చింది. స్టాండులో నిటారుగా నిలబెట్టిన ఫోన్‌లో అది వేసినా తీసినా ఏమీ కదలదు. శబ్దం లేదు, వెలుగు లేదు. నొక్కినవాడికి పనైపోయిందనే అనిపిస్తుంది.

బాబాయ్ ఫోన్ తీసుకుని లాగి చూశాడు, మొదటి బొమ్మ నొక్కాడు. లొకేషన్ ఆరింది. మళ్ళీ నొక్కాడు, వెలిగింది. భేష్ అన్నాడు. అంతటితో పోతాడనుకుంటే ఇంకోటి అడిగాడు. లాగినప్పుడల్లా కంపెనీ యాప్ నోటీసు అన్నిటికంటే పైన కూర్చుంటోంది. లొకేషన్ వెళ్తోందనో, ఆగిందనో ఎప్పుడూ ఏదో ఒకటి రాసి ఉంటుంది. దాన్ని చూస్తే వాళ్ళు నెత్తిన కూర్చున్నట్టే ఉంటుంది. తీసేయడం కుదరదా?

పూర్తిగా తీసేయడం కుదరదు కానీ అడుక్కి పంపొచ్చని చెప్పింది. నోటీసును అదిమిపట్టి సైలెంట్ ఎంచుకుంది. అది జారి, మిగతా నోటిఫికేషన్లన్నిటి కిందా సన్నగా నక్కింది. అతన్ని హెచ్చరించగలిగిన ఒకే ఒక్క నోరు అది. దాన్ని అతనే మూయించుకున్నాడు.

ఇక మిగిలింది ఒక్క వాక్యం. బొమ్మలు మార్పించుకున్న ప్రతివాళ్ళకూ అక్క ఆ వాక్యం చెప్పే పంపుతుంది. కొన్నాళ్ళు చూసి నొక్కండి, కళ్ళు నేర్చుకున్నంత తొందరగా వేలు నేర్చుకోదు, పాత చోటికే పోతుంది. చెప్పకపోతే వారం తిరక్కుండా వచ్చి తిట్టిపోస్తారు, ఏం చేశావమ్మా నా ఫోన్‌ని అని. చూసి నొక్కేవాళ్ళకే అంత ఇబ్బంది. చూడకుండా నొక్కడమే గొప్పనుకునే మనిషికి?

వాక్యం నాలుక చివరి దాకా వచ్చింది. అక్క పెదాలు మూసింది.

"ఇంకేమన్నా ఉందా చెప్పాల్సింది?" అన్నాడు బాబాయ్, లేస్తూ.

"ఏం లేదు సార్. జాగ్రత్తగా వెళ్ళండి."

ఆ రోజు నుంచి అక్కకు తిండి రుచించలేదు. అతను చూసి నొక్కితే అంతే సంగతులు. ఒకటి రెండు సార్లు తప్పు నొక్కి, చూసుకుని, అలవాటు చేసుకుంటే తనే దొంగకు తాళంచెవికి నూనె రాసి ఇచ్చినట్టవుతుంది. రోడ్డు మీద బూడిదరంగు వ్యాన్ కనిపిస్తే ఆగి, తలుపు అద్దంలోకి చూసేది. తమ్ముడికి ఏమీ చెప్పలేదు. ఆశ పెట్టి లాగేసుకోవడం కంటే ఆశే పెట్టకపోవడం మేలనుకుంది. అన్నం పెడుతూ, ఆ కోటు దులిపి ఉంచరా అని మాత్రం అంది. తమ్ముడు ఆమెను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

వార్త మేనేజర్ ఫోన్ రూపంలో వచ్చింది. తమ్ముడు స్పీకర్ వేశాడు. మేనేజర్ గొంతు తడబడుతోంది. గోడౌన్ సందులో బాబాయ్ చుక్క ఎర్రబడిందట. సిగ్నల్ పోయి కాదు, నిక్షేపంగా వెలుగుతూ. తప్పుగా చూపిస్తోందేమోనని ముందు వదిలేశారట. మర్నాడు మళ్ళీ అదే చోట. ఈసారి మేనేజర్ తనే కారేసుకుని వెళ్ళాడు. బాబాయ్ పెట్టెలు దించుతూ ఎదురుపడ్డాడు. మీరెలా వచ్చారు సార్, ఇక్కడ సిగ్నల్ ఉండదే అన్నాడట. పాత రికార్డులు తీస్తే, పెట్టెలు మాయమైన ప్రతి రోజూ బాబాయ్ చుక్క ఆ సందు మొదట్లోనే ఆగిపోయి ఉంది. బాబాయ్‌ని తీసేశామని చెప్పి, తమ్ముణ్ణి మళ్ళీ పనిలోకి రమ్మన్నాడు.

 తమ్ముడు, ఆ దొంగతనం నేను చేయలేదని రాసి ఆఫీసు గోడకు అంటించండి సార్, అప్పుడొస్తాను అన్నాడు. అక్క వంటగదిలోకి వెళ్ళి కొళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో ఏడ్చింది.

బాబాయ్ ఆ వారమే సర్వీస్ సెంటర్‌కి వచ్చాడు. కోటు లేదు. కౌంటర్ ముందున్న వాళ్ళను తోసుకుని వచ్చి ఫోన్‌ని గాజు మీద పడేశాడు.

"ఏం చేశావ్ దీన్ని?"

అక్క ఫోన్ అందుకుని ఒక్కసారి లాగి అతని వైపు తిప్పింది. మొదటి బొమ్మ లొకేషన్. మీరు పెట్టమన్న చోటే ఉంది కదా సార్ అంది.

"మూడోది... నా వేలు మూడోదాని మీదికే పోతోంది," అన్నాడు. గొంతు తగ్గింది.

"పోతుంది. కొన్నాళ్ళు అలాగే పోతుంది. ఎవరికైనా ముందే చెప్పి పంపుతాను. మీకు చెప్పలేదు."

"ఎందుకు?"

అక్క కౌంటర్ మీదికి కొంచెం వంగింది. పక్కవాళ్ళకు వినపడకుండా, అతనికి ఒక్క అక్షరం కూడా పోకుండా చెప్పింది.

"సందులో మీకు పెట్టెలిచ్చాడే, వాడి అక్కని."

బాబాయ్ మొహం పాలిపోయింది, తర్వాత ఎర్రబడింది. పిడికిలితో గాజు మీద ఒక్కటి వేశాడు. ఆ చప్పుడికి లోపల్నుంచి ఓనర్ వచ్చాడు. క్యూలో ఉన్నవాళ్ళంతా మెడలు చాచారు. ఓనర్ మర్యాదస్థుడు. చేతులు కట్టుకుని, మా అమ్మాయి ఏం పొరపాటు చేసిందో చెప్పండి, ఇప్పుడే సరిచేయిస్తాను అన్నాడు.

బాబాయ్ నోరు తెరిచాడు. ఏమని చెప్పాలి? లొకేషన్ ఆపబోతే ఆగలేదనాలి. ఎందుకు ఆపబోయావంటే? చూసి నొక్కొచ్చుగా అంటే? 

"చెప్పండి సార్," అంది అక్క, కౌంటర్ గొంతుతో. "అందరం వింటున్నాం."

క్యూలో ఒక పెద్దావిడ, త్వరగా చెప్పు నాయనా, నాకు బస్సుంది అంది. ఎవరో నవ్వారు. బాబాయ్ ఫోన్ తీసుకుని జేబులో పెట్టుకోబోయాడు. అది జారి కింద పడింది. అందరి కాళ్ళ మధ్యా వంగి వెతుక్కున్నాడు. సాయం చేయడానికి ఎవరో వంగబోతే, ఉండండి, ఆయనే తీసుకుంటారు అంది అక్క.

అతను లేచి, ఎవరి మొహమూ చూడకుండా బయటికి నడిచాడు. అక్క గాజు తలుపులోంచి చూస్తూనే ఉంది. ఒక్కసారి వెనక్కి తిరిగితే బాగుండునని ఆమెకు ఎంతో అనిపించింది. ఆ మొహం ఇంకోసారి చూడాలని ఉంది. అతను తిరగలేదు. వ్యాన్ లేదు కదా, రోడ్డు దాటి బస్సు స్టాపులో నిలబడ్డాడు. బస్సు వచ్చి అతన్ని ఎక్కించుకునే దాకా అక్క తరువాతి వాళ్ళను పిలవలేదు.