గాంధారం కింద గీత

పెళ్ళయి విశాఖపట్నం వచ్చిన దగ్గర్నుంచీ మదీనా బీకి ప్రతిదీ ముచ్చటే. పాతపట్నం సందుల్లోకి వినబడే ఓడ కూత ముచ్చట. డాబా మీద ఆరేసిన చీరకి పట్టే ఉప్పదనం ముచ్చట. మొగుడు ఖాజా క్లారినెట్ రీడును నాలుక మీద తడుపుకుంటూ తనకేసి దొంగచూపు చూడటం అన్నిటికన్నా పెద్ద ముచ్చట. ఆ మైకంలోనే ఆమె ఆ పొద్దున నోరు జారింది.

జాలారిపేట నుంచి గంగరాజు వచ్చాడు. చెక్క పనంతా ముగిసి, రంగు తడి ఆరీ ఆరకుండా, అతని కొత్త బోటు ఆ సాయంత్రం పోటుకి సముద్రంలోకి దిగుతోంది. గుమ్మంలోనే నిలబడి చెప్పాడు.

"బావా, మాయమ్మ ఒకటే పట్టు. మా అయ్య నావ దిగినప్పుడు మీ అయ్య ఏటి వాయించాడో అదే వాయించాలంట. లేకపోతే బోటుని తోయనివ్వదంట."

"ఏ పాట బావా అది?" అన్నాడు ఖాజా.

"నానేటి ఎరుగుదును? అప్పటికి నాను సంకలో పిల్లణ్ణి. మాయమ్మకొక్కద్దానికే తెల్సు. అదేమో పాడదు. చెక్కకి నీరు తగలకముందు ఆ పాట నోటితో పాడితే వల ఖాళీగా తిరిగొస్తాదని మా ఇంట నమ్మకం. బూరతో వాయిస్తే దోసం లేదు, నోటితోనే దోసం. నువ్వు వాయిస్తే అవునో కాదో సెప్తాది, అంతే." కాస్త ఆగి, చూపు నేలకేసి దించాడు. "కుదరకపోతే గవర్రాజు బ్యాండు సిద్ధంగా ఉంది బావా. ఇయ్యాల ఆడు వాయిస్తే పేటలో పెళ్ళిళ్ళూ సంబరాలూ ఇంక ఆడికే అంటన్నారు పెద్దలు. నా సేతిలో లేదు."

ఖాజా ముఖం పాలిపోయింది. తాత పీర్ మహమ్మద్ నాటినుంచీ ఆ పేట ఈ ఇంటి బ్యాండుదే. పగలంతా హార్బరులో వెల్డింగు చేసినా సాయంత్రం ఎర్రకోటు తొడిగితేనే ఖాజాకి తను ఖాజా అనిపించేది. తండ్రి గులాం మొహమ్మద్ పోయి ఏడాది దాటింది. ఆ పాట ఏదో ఆయన చెప్పనే లేదు.

అదిగో, అప్పుడు మదీనా తలుపు చాటునుంచి అనేసింది. "మామయ్యగారి నోటుబుక్కు ఉంది కదండీ! నేను చదివి చెప్తాను. సాయంత్రానికి వాయించేస్తారు."

"అదీ! బియ్యే సదివిన కోడలు!" గంగరాజు మొహం వెలిగింది. "అమ్మతో సెప్పేస్తాను మరి. మాటంటే మాటే."

అతను వెళ్ళాక ఖాజా మెల్లిగా అన్నాడు. "మదీనా, ఆ పుస్తకం తెరిచి చూశావా అసలు?"

చూడలేదు. ఇప్పుడు చూసింది.

అట్టలేని పాత నోటుబుక్కు. పుట పుటకీ తెలుగు అక్షరాల్లో స రి గ మలు, నిలువు గీతల మధ్య గళ్ళు గళ్ళుగా. పాట పేరు లేదు, రాగం పేరు లేదు, సాహిత్యం లేదు. ఖాజా విని వాయించేవాడేగానీ చదివి వాయించేవాడు కాడు. ఏ స్వరం ఏ మీట కింద ఉందో వేళ్ళకి తెలుసు, కాగితం మీద తెలియదు. మదీనాది చిలకలూరిపేట దగ్గర నాదస్వరం ఇల్లు. తాత ఒళ్ళో కూర్చుని స్వరం రాయడం నేర్చుకున్న పిల్ల. అందుకే అంత ధైర్యం.

వంటింట్లో అత్తగారు జన్నత్ బీ ఉల్లిపాయలు తరుగుతుంటే, పక్కన పీట వేసుకుని ఒక్కొక్క పుటా కూనిరాగం తీసింది. ఆవిడ చెవి రిక్కించి పోల్చేది.

"ఇది నికా పాట. ఇది ఊరేగింపు మార్చ్ పాట. ఇది పీర్ల పండక్కి వాయించేవాళ్ళు. కానీ అంత తొందరేంటి బేటీ? ముక్కలు ముక్కలుగా నరికేస్తున్నావు. మీ మామ ఊదితే తేనె కారినట్టు సాగేది."

"స్వరం అలాగే రాసుంది అత్తమ్మా!" అని నవ్వేసింది మదీనా.

చివరికి ఒక్క పుట మిగిలింది. జన్నత్ బీ ఎంత తల గోక్కున్నా అందలేదు. ఇంట్లో ఎవరూ ఎరగనిది అదొక్కటే గనక బోటు పాట అదే అయ్యుండాలి. ఆ పుటలో మిగతావాటిలో లేనిదొకటి ఉంది. కొన్ని అక్షరాల కింద సన్నటి అడ్డగీత. మదీనా పుట్టింట్లో స్వరానికి అడ్డగీత పెడితే రెట్టింపు వేగమని అర్థం. అన్ని పుటల్లోనూ అక్షరాల మధ్య ఉన్న చిన్న గీతముక్క దగ్గర పాట విరగాలని. అలాగే పాడి వినిపించింది, ఖాజా అలాగే పట్టుకున్నాడు. తడబడుతూ పరిగెత్తే పాట తయారైంది. ఇద్దరికీ నచ్చలేదు. ఇద్దరూ ఆ మాట అనలేదు.

*

ఒడ్డున దుంగల మీద బోటు నిలబడి ఉంది. పసుపు రాసిన ముక్కు సముద్రంకేసి, తోసేందుకు చేతులు వేసిన మగవాళ్ళు అటూ ఇటూ. ముక్కు పక్కనే ముక్కాలిపీట మీద గంగరాజు తల్లి పాపాయమ్మ, వక్కాకు నములుతూ. అవతల తాడిచెట్టు నీడలో గవర్రాజు, అతని మనుషులు. కొత్త ఇత్తడి బాకాలు ఎండకి కళ్ళు చెదిరేలా మెరుస్తున్నాయి.

ఖాజా వాయించాడు. పాపాయమ్మ నమలడం ఆపింది. రెండో వరుస పూర్తికాకముందే చెయ్యెత్తింది.

"ఇదేటి నాయనా, గుర్రబ్బండి పోతన్నట్టుంది! ఇది కాదు."

గవర్రాజు గట్టిగా నవ్వాడు. "గుర్రబ్బండేటి మామ్మా, పంచరైన గుర్రబ్బండి! ఖాజా బావా, పక్కకి తప్పుకో, బాకాలు వేడెక్కిపోతన్నాయి."

"అమ్మా, పోటు నిండింది," గంగరాజు నీళ్ళకేసి చూస్తూ అన్నాడు. "పాటు మొదలై నీరు ఎనక్కి తీస్తే బోటు ఇసకలోనే దిగబడిపోద్ది. ఎవుడో ఒకడు వాయిస్తే..."

"ఎవుడో ఒకడు కాదు," అంది పాపాయమ్మ. తర్వాత మదీనాకేసి చూసింది. "మాటిచ్చింది నువ్వేనంట కదేటి, కోడలు పిల్లా?"

మదీనా చెవులు మండాయి. ఇంకో పుట లేదు. పాట ఇదే కావాలి. ఇదే అయితే తప్పు పుటది కాదు, చదివినదానిది.

వెంట తెచ్చిన నోటుబుక్కు తెరిచి, మోకాళ్ళ మీద కూర్చుని ఇసకలో వేలితో మొదటి వరుస రాసింది. స, గీతముక్క, రి. తర్వాతి గడిలో గ, గీతముక్క, మ. ఆ తర్వాత ప, గీతముక్క, మ. ఆ పైన గ, గీతముక్క, రి. రెండు గాంధారాల కిందా అడ్డగీతలు. తన లెక్కన చూసింది. మొదటి గడిలో రెండు మాత్రలు, రెండోదాంట్లో ఒకటిన్నర, మళ్ళీ రెండు, మళ్ళీ ఒకటిన్నర. నడక కుంటుతోంది. బ్యాండు మేస్త్రీ ఎవడైనా కుంటే తాళం రాస్తాడా? గీతముక్క దగ్గర విరవకుండా, ముందున్న స్వరాన్నే ఒక మాత్ర సాగదీస్తే? అడ్డగీతని వేగమని లెక్కపెట్టకపోతే? మూడు. మూడు. మూడు. మూడు. తెడ్డు వేసినట్టు సమంగా తూగింది.

తేనె కారినట్టు సాగేదని అత్తమ్మ అంటే తను నవ్వింది!

అయితే అడ్డగీత దేనికి? గబగబా పుట మొత్తం వెతికింది. గ కింద ఉంది. ని కింద ఉంది. స కింద ఎక్కడా లేదు. ప కిందా లేదు. వేగమే అయితే ఎప్పుడో ఒకప్పుడు స కిందో ప కిందో పడి తీరాలి కదా! స, ప కదలని స్వరాలు. తగ్గేవీ హెచ్చేవీ మిగతావే. తమ ఇంట్లో రాగం పేరు రాస్తే చాలు, ఏ గాంధారమో ఏ నిషాదమో దాంతోనే తెలిసిపోతుంది. ఇక్కడ రాగం పేరు లేదు. మరి మామయ్య ఆ సంగతి ఎక్కడ రాసుకున్నట్టు?

"ఏవండీ! మీ తాతగారు ఎవరి దగ్గర నేర్చుకున్నారు?"

"విజయనగరంలో ఎవరో ఉస్తాదు దగ్గర. హిందుస్తానీ. ఇప్పుడెందుకు?"

"అది హిందుస్తానీ రాత, కింద గీత ఉంటే కోమలం! మా లెక్కన సాధారణ గాంధారం, కైశిక నిషాదం!"

"నాకర్థమయ్యేలా చెప్పవే తల్లీ."

"గ తగ్గించండి. ని తగ్గించండి. మీరు అన్నీ హెచ్చువే వాయించారు."

పాడి చూపిద్దామని నోరు తెరిచింది. పాపాయమ్మ చూపు కత్తిలా వచ్చి తగిలింది. పాడకూడదు! పొద్దున వంటింట్లో పాడినదానికి ఒక్క క్షణం ఒళ్ళు జల్లుమంది. అంతలోనే తట్టింది, అది వేరే పాటే అయిందిగా! ఆ భయంలోనూ నవ్వొచ్చింది.

అంగడి సరుకు చెప్పినట్టు, రాగం లేకుండా పొడిగా చెప్పడం మొదలెట్టింది. సాగాల్సిన చోట మోకాలి మీద చరిచింది. "స, చరుపు, రి. తగ్గు గ, చరుపు, మ. ప, చరుపు, మ. తగ్గు గ, చరుపు, రి." ఖాజా ఊదకుండా వేళ్ళు మాత్రం మీటల మీద ఆడించాడు. "రెండో వరుస. మ, చరుపు, ప. ని, చరుపు, పై స. మళ్ళీ పై స, తగ్గు ని, ద. ప, చరుపు, చరుపు."

ఖాజా వేళ్ళు ఆగాయి. "మొదటి ని తగ్గుదా, హెచ్చుదా?"

పుట కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. పైకెక్కే నిషాదం కింద గీత లేదు. దిగే నిషాదం కింద ఉంది. "మామయ్య మర్చిపోయారేమో..."

"తోసేద్దామా లేదా!" ఎవరో అరిచారు. అల ఒకటి మొదటి దుంగని తడిపి వెనక్కి పోయింది.

తప్పయితే మళ్ళీ అడిగే వేళ లేదు. మదీనా కింది వరుసలన్నీ చూపుతో తడిమింది. ఎక్కేచోటల్లా గీత లేదు. దిగేచోటల్లా ఉంది. మరుపు అంత క్రమంగా ఉండదు.

"రాసినట్టే వాయించండి. ఎక్కేటప్పుడు హెచ్చు, దిగేటప్పుడు తగ్గు."

ఖాజా రీడు తడుపుకున్నాడు. ఈసారి ఆమెకేసి చూడలేదు, కళ్ళు మూసుకున్నాడు.

మొదటి గాంధారం మీద క్లారినెట్ కాస్త కుంగి, నిలిచి, మధ్యమం మీదికి జారింది. మూడేసి మాత్రల తూగు. తెడ్డు వేసే మనిషి ముందుకొంగి వెనక్కి వాలినట్టు. రెండో వరుస ఎక్కింది. పైన స తాకింది. మెత్తగా దిగింది. పాపాయమ్మ వక్కాకు ఇసకలో ఉమ్మేసింది. గవర్రాజు బాకా చేతిలోకి తీసుకున్నాడు.

ముసలామె పీట మీంచి లేచి, బోటు చెక్కకి రెండు అరచేతులూ ఆనించింది.

"ఇంకా సూత్తన్నారేట్రా దద్దమ్మల్లారా! తొయ్యండి!"

దుంగలు దొర్లాయి. మగవాళ్ళు పాట తూగుకే అడుగు వేస్తున్నారు, ఎవరూ చెప్పకుండానే. ఖాజా మోకాలి లోతు నీళ్ళలో దిగాడు, ఎర్రకోటు తడిసినా ఆపలేదు. ముక్కు కింద నీరు చెళ్ళున కొట్టింది. పాపాయమ్మ నోరు తెరిచింది.

"తల్లీ గంగా, తలుపు తియ్యవే..."

ఎంతో కాలంగా మూసిపెట్టిన గొంతు. మాటలు మూడేసి మాత్రలుగా వచ్చి క్లారినెట్ స్వరాల మీద ఒక్కొక్కటే కూర్చున్నాయి. 'తలుపు' దగ్గర గొంతు పైకెక్కింది. ఎక్కేటప్పుడు హెచ్చు నిషాదం. మదీనా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

ఖాజా ఊదుతూనే ఆమెకేసి తిరిగి కనుబొమలు ఎగరేశాడు. అవతల గవర్రాజు బాకా చంకన పెట్టుకుని, తనకి తెలియకుండానే కాలితో తాళం వేస్తున్నాడు.

"కోడలు పిల్లా!" నీళ్ళలోంచి పాపాయమ్మ కేకేసింది. "బోటు తడిసిందిగా, ఇంకేటి భయం? నోరు మూసుకున్నావేం? పాడు!"

పాట మాటలు తెలియవు కదా మదీనాకి. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, నీళ్ళలోకి పరిగెత్తి, స్వరాలే అందుకుంది.