చిక్కెన్ అన్న మాట దగ్గర

పరీక్ష మొదలై పావుగంట దాటింది. ఆ అమ్మాయి కలం ఒక్క మాట దగ్గర ఆగిపోయింది.

మొదటి ప్రశ్నలో ఇచ్చింది ఒకే పద్యం. తల్లి లేడి తన కూనలను బయటికి పంపేసి తాను ఉచ్చులో పడిన ఘట్టం. ప్రతిపదార్థం, భావం రాయాలి. సంధులు విడదీసి, అన్వయం కుదిరేలా మాటల వరస మార్చి రాసుకుంటూ వచ్చింది. హరిణి = ఆడలేడి; కూనలన్ = పిల్లలను; వెలికిన్ = బయటికి; పనిచి = పంపి; తాను = తాను; ఉరిలోన్ = ఉచ్చులో.

ఇక మిగిలింది చిక్కెన్.

ఈపాటికి ఆసుపత్రిలో అమ్మను ఆపరేషన్‌కు లోపలికి తీసుకెళ్లి గంటన్నర. "పరీక్ష పోగొట్టుకోకు తల్లీ, ఇక్కడ నేనున్నాగా. ఏదన్నా ఉంటే బడికి ఫోన్ చేస్తా" అని నాన్న పంపేశాడు.

గైడులోని భావం ఆమెకు నోటికొచ్చు. చివరి వాక్యం: ఆ తల్లి లేడి ప్రాణాలు విడిచింది. చిక్కెన్ రాస్తే భావం రాయాలి. భావం రాస్తే ఆ వాక్యమూ రాయాలి. తన చేత్తో రాస్తే అక్కడ అంతా అయిపోతుందేమో!

"ఏమే, నీ లేడికి కాళ్లు కట్టేశావా, కదలదు?" పక్కనున్న పిల్ల గుసగుసలాడింది.

"మాటలు!" అంటూ తెలుగు మాస్టారు వచ్చి నిలబడ్డారు. అరసున్న మరిచినా అరమార్కు కోస్తారని ఆయనకు పిల్లలు పెట్టిన పేరు అరసున్న సారు. "ఏం, ఆగావు?"

"భావం రాయలేను సార్. అందులో చచ్చిపోతుంది."

ఆమె ఇంటి సంగతి ఆయనకు తెలుసు. ప్రశ్నపత్రం ఆమె ముందుకు జరిపారు.

"చచ్చిపోయిందన్న మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించు."

ఆమె వేలు పద్య పాదాల వెంట నడిచింది. హరిణి, కూనలు, ఉరి, చిక్కెన్. పద్యం అక్కడితో సరి. మళ్లీ మొదటి నుంచి వెతికింది.

"లేదు సార్."

"లేదు కదా? గైడువాడికి చేయి దురద. లేనిది రాస్తే మార్కు తీసేస్తాను. ఉన్నది వదిలేసినా తీసేస్తాను."

చిక్కెన్ = చిక్కుకొన్నది, అని రాసింది. భావం కూడా అక్కడే ఆపి చుక్క పెట్టింది.

అప్పుడే గుమ్మంలో ఆఫీసు అటెండరు కనిపించాడు. ఆమె కలం కింద పెట్టింది. మాస్టారు చేయి ఆమె బల్ల అంచు మీదే ఉంది.

"పాపా, మీ నాన్న ఫోన్ చేశారు. అమ్మ ఇంకా లోపలే ఉందట."

ఆ వాక్యంలోని మాటలన్నీ ఆమె ఒక్కొక్కటే విడదీసి చూసుకుంది. అమ్మ. ఇంకా. లోపలే. ఉంది.

వేరే మాటేదీ లేదు. భయం మాత్రం తగ్గలేదు. అలాగే కాగితం తిప్పి రెండో ప్రశ్న చదవడం మొదలుపెట్టింది.