మునివేళ్ల మీద

అయినా ఒక తడి అడుగు మనిషి బతుకునెలా తేల్చేస్తుంది అనుకున్నాడు మునస్వామి. పద్దెనిమిదేళ్ల వయసులో చిత్తూరులో పోలీసు ఎంపికకు వెళ్తే, గచ్చు మీద వంపు లేకుండా పడిన అతని తడి పాదం గుర్తు చూసి, "చదును కాళ్లు, పో" అన్నారు. ఆ గుర్తు అతనిలో ఇంకా ఆరలేదు. అందుకే నాలుగేళ్ల కూతురు చెంగమ్మ పాదాలు చదునుగా కనబడగానే వంపు వస్తుందని బరువైన బూట్లు కుట్టించి తొడిగాడు. అప్పటినుంచి పిల్ల తొక్కుడుబిళ్ల ఆట మానేసింది.

తిరుపతి ఆసుపత్రిలో ఎముకల డాక్టరు ఆ బూట్లు విప్పించి, "మునివేళ్ల మీద నిలబడు తల్లీ" అన్నాడు.

చెంగమ్మ మడమలెత్తింది. అరికాలి కింద వంపు మెల్లగా లేచింది.

"సూస్తివా అప్పా? ఈ వయసు పిల్లకాయలకు అరికాల్లో కొవ్వుంటాది, కీళ్లు వదులుగా ఉంటాయి. పెరిగేకొద్దీ చాలామందికి వంపు అదే వస్తాది. బూట్లతో రాదు."

"అయితే ఆ బూట్లు ఎవురికీ పనికిరావా సార్?"

"పిల్ల నొప్పంటే, ఇట్లా నిలబడినా వంపు రాకుండా పాదం బిగుసుకుంటే తీసుకురా, సూడాల. నొప్పుంటే బూటులో మెత్త పెట్టిస్తే తగ్గుతాది."

"నాకు వంపు రానేలేదే సార్."

"నీకు నొప్పుండాదా?"

"లేదు సార్. కొండకు నడిసే పోతాను."

"మరింకేం కావాలప్పా నీ కాళ్లకు?" డాక్టరు నవ్వాడు.

వరండాలో చెంగమ్మ బెంచీ ఎక్కి, అలవాటుగా కాలు చాపింది. "నాయనా, బూట్లు."

మునస్వామి ఆ చిన్న పాదాన్ని కాసేపు చూశాడు. తర్వాత రెండు బూట్ల లేసులూ కలిపి ముడేసి, తన భుజానికి తగిలించుకున్నాడు.