పలుచని పొరలో దొరకని అంచు

సోమవారం సమావేశంలో దీపాలతని వంతు వచ్చేసరికి ఎవరూ తల ఎత్తలేదు. మూడేళ్ళుగా అతను ఒకే పదార్థంతో చిన్న దీపం చేయాలని చూస్తున్నాడు. గాజు మీద పలుచని పొరగా పరిచి, ఇటూ అటూ తీగలు తగిలించి కరెంటు పంపిస్తే ఆకుపచ్చగా వెలగాలి. వెలిగేది. కాకపోతే గది తలుపులేసి, దీపాలార్పి, కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా కూర్చుంటే తప్ప కనపడేది కాదు. ఆ కనపడేదీ సరైన ఆకుపచ్చ కాదు, పసుపు కలిసిన ఏదో రంగు. అందుకే లాబ్‌లో అతనికి దీపాలతను అని పేరు పడింది. మొదట ముద్దుగా అన్నారు, తర్వాత ఎగతాళిగా.

"పదార్థంలో లోపం లేదు," అన్నాడు లాబ్ నడిపే పెద్దసారు, కళ్ళజోడు తీసి బల్ల మీద పెడుతూ. "ఆరేళ్ళ కిందటే లెక్క తేలింది. డైరెక్ట్ గ్యాప్, రెండు పాయింట్ నాలుగు రెండు ఎలక్ట్రాన్ వోల్టులు. ఇచ్చిన శక్తిని నేరుగా కాంతిగా మార్చే రకం. వెలగాల్సిన పదార్థం వెలగట్లేదంటే చేసే చేతుల్లో శుభ్రత లేదన్నమాట. ఈ నెలాఖరుకి ఆ పని ఇంకెవరికైనా ఇద్దాం."

ఆ లెక్క తేల్చిన మనిషి అదే బల్ల చివర కూర్చుని ఉంది. ఆరేళ్ళ కిందట ఆమె థీసిస్‌లో ముఖ్యమైన అధ్యాయం అదే. ఇప్పుడు మూడో అంతస్తులో స్పెక్ట్రోమీటర్ గది ఆమె చేతిలో ఉంది. ఎవరి పొర అయినా ఏ రంగు కాంతిని ఎంత మింగుతుందో కొలిచి ఇచ్చేది ఆమే. ఎప్పుడూ కోటు జేబులో స్టీలు స్కేలు ఉంటుంది కాబట్టి చిన్నవాళ్ళంతా స్కేలక్క అంటారు. ఆమెకు ఆ పేరు నచ్చుతుంది కూడా.

సమావేశం అయ్యాక దీపాలతను ఆమె గది దాకా వచ్చి, లోపలికి రాకుండా గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, నీ థీసిస్ నాటి పొర ఒక్కటన్నా మిగిలుందా?"

"రెండున్నాయి. ఎందుకు?"

"నావి మురికివి అంటున్నారు కదా. నీది పక్కన పెట్టి చూద్దాం. నీది వెలిగి నాది వెలగకపోతే, నేనే సంచి సర్దుకుంటా."

అడిగిన తీరు ఆమెకు కాస్త గుచ్చుకుంది. అయినా కాదనలేదు. పాత డబ్బాలోంచి పొర తీసింది. నీలి లేజర్ కింద ముందు అతనిది పెట్టారు, తర్వాత ఆమెది. మంచి డైరెక్ట్ పదార్థమైతే మింగిన కాంతిని వెంటనే తిరిగి వెదజల్లాలి. తెర మీద అతని పొర గీత నేలకు కరుచుకుని ఉంది. ఆమె పొర గీత దానికంటే ఒక పిసరు కిందే ఉంది.

"నీదీ ఇంతేనా!" అన్నాడు అతను. గొంతులో సంతోషం లేదు, ఆశ్చర్యమే ఉంది.

"పాతబడి ఉంటుంది," అంది ఆమె. ఆ మాట తనకే నమ్మకంగా వినిపించలేదు.

మర్నాడు పొద్దున ఫలహారాల దగ్గర థీసిస్ కాపీ తెరిచి పెట్టుకుంది. అత్తగారు ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఏ కాగితం మీద గ్రాఫ్ కనపడినా కంచం పక్కకు నెట్టేస్తుంది.

"ఇవి రెండెందుకే అమ్మాయ్? ఒకే కొలతకి?"

"పొర కాంతిని మింగడం ఎక్కడ మొదలెడుతుందో తేల్చడానికి అత్తయ్యా. కాంతి శక్తి పెంచుకుంటూ పోతే ఒక చోట పదార్థం మింగడం మొదలెడుతుంది. ఆ అంచే గ్యాప్. మింగే గుణకాన్ని శక్తితో హెచ్చించి, వర్గం చేసి గీస్తే డైరెక్ట్ వాటికి తిన్నటి గీత వస్తుంది. వర్గమూలం తీసి గీస్తే ఇన్‌డైరెక్ట్ వాటికి, అంటే అంత సులువుగా వెలగని వాటికి, వస్తుంది. గీతను కిందికి పొడిగిస్తే ఎక్కడ అడుగు గీతను తాకుతుందో, అదే సంఖ్య."

"ఈ రెండూ తిన్నగానే ఉన్నాయే."

"వర్గం గీసింది ఇంకొంచెం తిన్నగా ఉంది. రెండు పాయింట్ నాలుగు రెండు. రెండోది రెండు పాయింట్ ఒకటి దగ్గర తాకింది. సార్ మొదటిదే తీసుకోమన్నారు."

అత్తగారు చూపుడువేలు గీత వెంట పోనిచ్చింది. "ఎక్కడి నుంచి ఎక్కడిదాకా చుక్కలు తీసుకోవాలో ఎవరు చెప్పారు?"

"నేనే ఎంచుకున్నా."

"ఓ చిన్న ముక్క తీసుకుంటే ఏ వంపైనా తిన్నగానే కనపడుతుంది. మా పిల్లలకి ఇదే చెప్పేదాన్ని." అని, కంచం తన ముందుకు లాక్కుంది. "మరి ఈ కింద ఉన్న చుక్కలు వదిలేశావేం?"

"అక్కడ అలలున్నాయి. పొర ముందు వెనకల నుంచి కాంతి తిరిగొచ్చి కలుస్తుంది కదా, గ్రాఫ్ ఊగుతుంది. నమ్మకం ఉండదు."

లాబ్‌కి వెళ్ళే బస్సులో కూర్చున్నాక స్కేలక్క ఒక పాత రశీదు వెనక లెక్క వేసింది. ఆ పొర మందం నూట ఎనభై నానోమీటర్లు. డైరెక్ట్ పదార్థాలు అంచు దాటగానే గట్టిగా మింగుతాయి, ఇన్‌డైరెక్ట్‌వి నెమ్మదిగా మొదలెడతాయి. సెంటీమీటరుకి వెయ్యి చొప్పున మింగే పదార్థమైతే, అంత పలుచని పొర మింగే కాంతి నూటికి రెండు పాళ్ళు కూడా ఉండదు. అలల ఊపు అంతకంటే పెద్దది. అంటే ఆరేళ్ళ కిందట అక్కడ ఇన్‌డైరెక్ట్ అంచు ఉన్నా ఆమెకు కనపడే అవకాశమే లేదు. లేదని రుజువు చేయలేదు, చూడలేదంతే. దిగాల్సిన స్టాపు దాటిపోయింది. వెనక్కి నడిచి వచ్చింది.

మందమైన పొర కావాలి. మూడు మైక్రాన్లదైతే అదే వెయ్యి చొప్పున నూటికి పాతిక పాళ్ళు కాంతిని మింగుతుంది, అంచు ఉంటే దాక్కోలేదు. దీపాలతన్నే పొర వేసి పెట్టమంది. ఎందుకో చెప్పలేదు. మొదటి రెండూ గాజు మీద నుంచి పొట్టులా లేచిపోయాయి. అతను గాజును వేడిగా ఉంచి, మెల్లగా, రెండు రోజులు పట్టి మూడోది వేశాడు. అది నిలిచింది. ఆ పని చూసినప్పుడు అతని చేతుల గురించి సమావేశంలో అన్న మాట ఆమెకు గుర్తొచ్చింది.

పొర మందం సూది పరికరంతో కొలిచింది. దాటి వచ్చే కాంతినీ, తిరిగొచ్చే కాంతినీ రెండింటినీ కొలిచి గుణకం లెక్కగట్టింది. రెండు పాయింట్ నాలుగుకి పైన మందపు పొర చీకటి గోడే, అక్కడ దాని మాట పనికిరాదు. అక్కడికి పాత పలుచని పొర చాలు. కానీ దాని కింద, పాత గ్రాఫ్‌లో అలలు ఊగిన చోట, మెత్తగా పైకి లేచే తోక ఉంది. వర్గమూలం తీసి గీస్తే ఆ తోక రెండు తిన్నటి ముక్కలుగా విడింది. ఒకటి రెండు పాయింట్ ఒకటి ఒకటి దగ్గర, రెండోది రెండు పాయింట్ ఒకటి ఏడు దగ్గర అడుగు గీతను తాకాయి.

పెద్దసారు ఆ కాగితాన్ని దూరంగా పెట్టి చూశాడు. "తోకలు ఎవరికుండవమ్మా? లోపాలు. మందపు పొరలో లోపాలెక్కువ."

"లోపాలైతే చలికి పోవు సార్."

"అయితే చల్లబరిచి చూడు," అన్నాడు, ఆ మాటతో విషయం ముగిసిపోయిందన్నట్టు.

కింది అంతస్తు వాళ్ళ దగ్గర చిన్న గాజు కిటికీలున్న శీతల పాత్ర ఒకటి అడిగి తెచ్చింది. పొరను అందులో బిగించి, గాలి తీసేసి, ద్రవ నైట్రోజన్ పోసింది. దీపాలతను పక్కనే నిలబడి తెర చూస్తున్నాడు. అప్పటికి అతనికి ఆమె అంతా చెప్పేసింది. ఇన్‌డైరెక్ట్ పదార్థంలో కాంతి ఒక్కటే ఎలక్ట్రాన్‌ను గ్యాప్ దాటించలేదు. శక్తితో పాటు ఎలక్ట్రాన్ గమనం కూడా మారాలి, ఆ మార్పు పరమాణువుల వణుకు నుంచి రావాలి. కొన్నిసార్లు ఎలక్ట్రాన్ అప్పటికే ఉన్న వణుకును తీసుకుని గ్యాప్ కంటే కాస్త తక్కువ శక్తికే దాటుతుంది. కొన్నిసార్లు కొత్త వణుకును పుట్టించి కాస్త ఎక్కువ శక్తికి దాటుతుంది. రెండు ముక్కలు అందుకే. చల్లబరిస్తే తీసుకోవడానికి వణుకు మిగలదు, కింది ముక్క పోవాలి.

మధ్యాహ్నానికి గ్రాఫ్ వచ్చింది. అంచు మొత్తం చలికి కాస్త పైకి జరిగింది, అది మామూలే. పై ముక్క అలాగే ఉంది. కింది ముక్క మాయమైపోయింది.

గ్యాప్ రెండు పాయింట్ ఒకటి నాలుగు, ఇన్‌డైరెక్ట్. రెండు పాయింట్ నాలుగు రెండు దగ్గర డైరెక్ట్ దాటు నిజంగానే ఉంది, ఆమె దాన్ని సరిగ్గానే కొలిచింది. కానీ అది మొదటి మెట్టు కాదు. కరెంటు ఇచ్చినప్పుడు ఎలక్ట్రాన్లు కింది మెట్టుకి జారిపోతాయి. అక్కడి నుంచి కాంతిగా మారాలంటే మళ్ళీ వణుకు సాయం కావాలి. ఆ సాయం దొరికేలోపు చాలావరకు వేడిగా పోతాయి.

"అంటే ఇది ఎవరు చేసినా వెలగదు," అన్నాడు అతను.

"గట్టిగా వెలగదు."

"మూడేళ్ళక్కా." గొంతు పెంచలేదు. "మూడేళ్ళు చేతులు కడుక్కుంటూ కూర్చున్నా. గ్లవ్స్ మార్చా, గాజు మార్చా, ఊపిరి బిగబట్టి పొర వేశా. నీ థీసిస్ ఒక్కసారి కూడా అనుమానించలేదు. నువ్వు రాశావు కదా అని."

ఆమె క్షమించమంది. అతను వినపడనట్టు శీతల పాత్ర గొట్టం విప్పడం మొదలెట్టాడు. నైట్రోజన్ ఆవిరి నేల మీద పాకింది. పని అయ్యాక బయటికి వెళ్ళిపోయాడు.

పెద్దసారు గదిలో ఆమె నిలబడే మాట్లాడింది.

"ఆ అధ్యాయం అచ్చేసిన పత్రికకి సవరణ రాసి పంపుతాను సార్. అధ్యాయం నాది, పేరూ నాదే ముందుంది."

"నా పేరూ ఉంది," అన్నాడాయన. కిటికీ వైపు తిరిగాడు. "సంఖ్య తప్పు కాదు కదా. కొత్త పేపరులో నాలుగు మాటలు కలిపేస్తే సరిపోదూ?"

"సంఖ్య తప్పు కాదు. దాని పక్కన రాసిన డైరెక్ట్ అన్న మాట తప్పు. ఆ మాట చూసే అతను దీపం మొదలెట్టాడు. ఇంకెవరైనా మొదలెట్టి ఉండొచ్చు."

ఆయన ఒప్పుకున్నట్టూ అనలేదు, కాదన్నట్టూ అనలేదు. తర్వాతి సోమవారం మాత్రం అందరి ముందూ, దీపాలతని చేతుల్లో ఏ దోషమూ లేదని, ఆ మాట తాను తొందరపడి అన్నానని చెప్పాడు. ఒక్క వాక్యం. తర్వాతి విషయానికి వెళ్ళిపోయాడు.

సవరణ రెండు పేజీలు. అచ్చు కావడానికి అయిదు నెలలు పట్టింది. పక్క పక్కనే మూడు గ్రాఫులు, మందాలు, ఉష్ణోగ్రతలు. దీపాలతని పేరు అడిగి పెట్టింది. అతను మొదట వద్దన్నాడు, పొర వేసింది నువ్వే కదా అని ఆమె అంటే సరేనన్నాడు. ఇంట్లో అత్తగారు దాన్ని అక్షరం వదలకుండా చదివి, ఒక గ్రాఫు కింద దశాంశ బిందువు పొరపాటు పట్టింది. అప్పటికే అచ్చయిపోయింది.

దీపాలతను ఆ పదార్థం వదిలేసి కొత్తది ఎంచుకున్నాడు. చాలా రోజులు వరండాలో ఎదురుపడితే తల ఊపి వెళ్ళిపోయేవాడు. పొరలు కొలవడానికి కూడా ఇంకెవరి చేతో పంపేవాడు. వానాకాలం మధ్యలో ఒక ఉదయం తనే వచ్చాడు. రెండు చిన్న డబ్బాలు ఆమె బల్ల మీద పెట్టాడు.

"ఒకటి పలుచనిది, ఒకటి మందమైనది," అన్నాడు. "దీపం సంగతి తర్వాత. ఇది డైరెక్టో కాదో ముందు తేల్చు. నేనూ కూర్చుంటా."

ఆమె పక్క కుర్చీ మీది కాగితాలు తీసి కింద పెట్టింది. అతను కూర్చున్నాడు. ఆమె మందమైన పొర ఉన్న డబ్బా ముందు తెరిచింది.