వీపు మీది తడి

క్యాబేజీ మడిలో పురుగు కదలడం లేదు, పిట్ట కూయడం లేదు. మందు కొడుతూ మంచులో పడిపోయిన గంగను మొగుడు ఫల్గుణ వీపున వేసుకుని ఆశా కార్యకర్త హేమలత ఇంటికి మోసుకొచ్చాడు.

"దేవత పట్టీసింది, అక్కా!"

"దేవతేటి? ఇది మందు!" అంది హేమలత.

గంగ నోట నురగ, కంటిపాపలు సూదిమొనలంత. హేమలత చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడిగి, తడిచీర విప్పి, ఒళ్ళంతా సబ్బుతో కడిగి, పక్కకు తిప్పి పడుకోబెట్టింది. అంబులెన్సుకు చెప్పి డాక్టరుకు ఫోన్ చేసింది.

"ఏ మందు?"

"క్లోరిపైరిఫాస్ ఇరవై శాతం. సీసా ఉంది సార్. పదహారు లీటర్ల నీళ్ళలో నలభై మిల్లీలీటర్లు కలిపారు. ట్యాంకు కారి సగం వీపు మీదే పడి చీరంతా తడిసిందట. అంటే ఇరవై మిల్లీలీటర్ల మందు. పొద్దుటి నుంచీ తడిబట్టతోనే ఉంది. మింగలేదు."

"వాంతి చేయించకండి. సీసా కూడా పంపండి. విరుగుడు ఇంజెక్షన్ అట్రోపిన్ సిద్ధం చేస్తాను."

ఫల్గుణ నుదుటి చెమట తుడుచుకున్నాడు. "ఎండెక్కినా ఈ మసకేటక్కా? నీ మొకం అగుపడ్డంలేదు."

మంచు ఎప్పుడో విడిపోయింది. అతని చొక్కా వీపంతా తడి. హేమలత అతని కళ్ళలోకి చూసింది. పాపలు సూదిమొనలే.

"చొక్కా విప్పు, బేగి!" అని అరిచి ఫోన్‌లో అంది, "సార్, ఇద్దరు. మోసుకొచ్చినోడు కూడా."